BF3 డైపోల్ సున్నా అయితే B–F బంధం అయానిక్ శాతం కూడా సున్నానా?

సాయి_ఎంపీసీ
నిన్నటి నుంచి ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. అయానిక్ శాతానికి మా నోట్సులో రెండు దారులు ఇచ్చారు. ఒకటి, కొలిచిన డైపోల్ మూమెంట్‌ని పూర్తి అయానిక్ అనుకుంటే రావాల్సిన డైపోల్‌తో భాగించి వందతో గుణించడం. రెండోది, ఎలక్ట్రోనెగటివిటీ తేడాతో పాలింగ్ సూత్రం, అంటే 1 − e^(−Δχ²/4). HCl కి రెండూ దగ్గర దగ్గరగానే వచ్చాయి. కానీ BF3 చూడండి. డైపోల్ మూమెంట్ సున్నా, కాబట్టి మొదటి దారిలో 0 శాతం. బోరాన్ 2.04, ఫ్లోరిన్ 3.98, తేడా 1.94 కాబట్టి రెండో దారిలో 61 శాతం. ఒకే బంధానికి ఒకసారి సున్నా, ఒకసారి అరవై ఒకటి ఎలా వస్తాయి? మా క్లాసులో సగం మంది సున్నా అనే రాశారు.

గోదావరి_గాలి
61 రాయి. డైపోల్ పద్ధతి వదిలేయి, అది పరీక్షల కోసం పెట్టిన షార్ట్‌కట్. ఎలక్ట్రోనెగటివిటీ తేడా ఎంతుంటే బంధం అంత అయానిక్, అంతే. అణువు సౌష్ఠవంగా ఉంటే డైపోల్ ఎలాగూ సున్నాయే వస్తుంది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

నిత్య_ఇంటర్2
మా సార్ కూడా సున్నా అనే చెప్పారు. "నాన్ పోలార్ అంటే కోవలెంట్" అని బోర్డు మీద రాశారు కూడా.

రసాయనం_మాస్టారు
సాయీ, నువ్వు మొదటి సూత్రాన్ని అది పనిచేయని చోట పెట్టావు. ఆ సూత్రం రెండే పరమాణువులున్న అణువు కోసం. HCl లో ఒకటే బంధం కాబట్టి బంధం డైపోలూ అణువు డైపోలూ ఒకటే. BF3 లో మూడు బంధాలున్నాయి. కొలత పరికరం చెప్పేది మూడూ కలిసిన తర్వాత మిగిలింది ఎంతో. ఒక్కో బంధం ఎంత గట్టిగా లాగుతోందో ఆ సంఖ్యలో కనపడదు.

అంకెలతోనే చూద్దాం. B–F పొడవు 1.31 ఆంగ్‌స్ట్రామ్. ఒక ఎలక్ట్రాన్ ఆవేశం ఒక ఆంగ్‌స్ట్రామ్ దూరంలో ఉంటే డైపోల్ 4.8 డెబై, ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. కాబట్టి పూర్తి అయానిక్ అయితే ఒక్కో B–F కి 6.3 డెబై. అందులో 61 శాతం అంటే సుమారు 3.8 డెబై. ఇది చిన్నదేం కాదు, నీటి అణువు మొత్తం డైపోల్‌కి రెండింతలు. ఇప్పుడు ఆకారం చూడు. మూడు బంధాలూ ఒకే తలంలో 120 డిగ్రీల ఎడంతో ఉన్నాయి. ఏ రెండు బంధాలని తీసుకున్నా వాటి మొత్తం 2 × 3.8 × cos 60, అంటే మళ్ళీ 3.8 డెబై. అది మూడో బంధానికి సరిగ్గా ఎదురు దిశలో ఉంటుంది. 3.8 లోంచి 3.8 పోతే సున్నా. ఒక రింగుకి మూడు తాళ్ళు కట్టి ముగ్గురు సమానంగా లాగితే రింగు కదలదు, కానీ తాళ్ళు బిగిసే ఉంటాయి కదా.

అందుకే "అణువు అధ్రువం" అన్న మాటా "బంధం అధ్రువం" అన్న మాటా వేరు. మీ సార్ బోర్డు మీద రాసింది H2, Cl2 లాంటి వాటి విషయంలో నిజం నిత్యా, BF3 కి కాదు.

గోదావరి గారూ, డైపోల్ పద్ధతి షార్ట్‌కట్ కాదండీ. కొలత నుంచి వచ్చేది అదొక్కటే. పాలింగ్ సూత్రం అంచనా మాత్రమే.

కావ్య_బైపీసీ
ఒక డౌట్ సార్. HCl కి అయానిక్ శాతం 17 అంటున్నారు. మరి నీళ్ళలో వేస్తే దాదాపు మొత్తం అయాన్లుగా విడిపోతుంది కదా, స్ట్రాంగ్ యాసిడ్. అప్పుడు 100 శాతం కావాలి కదా? అసలు లెక్కే తప్పేమో అనిపిస్తోంది.

రసాయనం_మాస్టారు
అది వేరే విషయం కావ్యా. ఇక్కడ మాట్లాడుతున్నది గాల్లో ఒంటరిగా తిరిగే HCl అణువు గురించి. అందులో ఎలక్ట్రాన్ మేఘం క్లోరిన్ వైపు ఎంత జరిగింది అన్నదే ప్రశ్న. నీళ్ళలో విడిపోవడం బంధం బలం మీద, అయాన్ల చుట్టూ నీరు చేరినప్పుడు విడుదలయ్యే శక్తి మీద ఆధారపడుతుంది. HF తో పోల్చి చూడు. దాని అయానిక్ శాతం 40 దాటుతుంది, అయినా అది బలహీన ఆమ్లం. ఆ బంధాన్ని తెంచడానికి మోలుకి 565 కిలోజౌళ్ళ పైన కావాలి, HCl కి 431 చాలు.

కావ్య_బైపీసీ
ఓకే సార్, రెండూ కలిపేసి చదువుతున్నాను ఇన్నాళ్ళూ మా బ్యాచ్ అంతా. ఇంకొకటి. BF3 డైపోల్ సున్నా అని కొలిస్తేనే తెలిసింది. మరి లోపల బంధాలు పోలార్ అని ఎవరు చూశారు? 3.8 డెబై కూడా సూత్రం నుంచే తీశారు కదా.

స్పెక్ట్రం_శ్రీను
మంచి ప్రశ్న, దీనికి కొలత ఉంది. CO2 ని తీసుకో. సరళ రేఖలో ఉంటుంది, డైపోల్ సున్నా. కానీ అణువు కంపించేటప్పుడు ఒక C–O పొట్టిగా, ఇంకోటి పొడుగ్గా అవుతుంది. ఆ క్షణంలో రెండు డైపోళ్ళూ సమానంగా ఉండవు, మిగులు డైపోల్ ఒకటి పుట్టి అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగే డైపోల్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుంటుంది. CO2 భూమి వేడిని పట్టి ఉంచేది ఇందువల్లే. N2, O2 కి కూడా డైపోల్ సున్నాయే, కానీ వాటిలో బంధమే అధ్రువం. ఎంత కంపించినా ఊగడానికి ఏమీ లేదు కాబట్టి ఇన్‌ఫ్రారెడ్‌ని దాదాపు పట్టించుకోవు. BF3 కూడా ఇన్‌ఫ్రారెడ్‌ని గట్టిగా పీల్చుకుంటుంది. అంటే ఆ సున్నా, ఉన్నవి కొట్టేసుకోగా వచ్చిన సున్నా.

ఫార్మా_సుజాత
నా అనుభవం ఒకటి చెప్తాను, నేను సాల్వెంట్లతో రోజూ పనిచేస్తాను. 1,4-డయాక్సేన్ ఉంది. ఆరు పరమాణువుల వలయం, రెండు ఆక్సిజన్లు ఎదురెదురుగా. కుర్చీ ఆకారంలో రెండు వైపుల డైపోళ్ళూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. డైఎలక్ట్రిక్ స్థిరాంకం చూస్తే 2.2, హెక్సేన్ 1.9 పక్కనే. ఈ అంకె చూసి కొత్తగా చేరిన వాళ్ళు "ఇది నాన్ పోలార్, నీళ్ళతో కలవదు, లేయర్ విడిపోతుంది" అని సెపరేటింగ్ ఫన్నెల్‌లో పోసుకుని ఎదురుచూస్తారు. లేయర్ రాదు. డయాక్సేన్ నీళ్ళతో ఏ పాళ్ళలోనైనా కలిసిపోతుంది. నీటి అణువు పక్కన ఉన్న ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది గానీ అణువు మొత్తం డైపోల్ ఎంత అని లెక్కేసుకోదు. అందుకే మా దగ్గర మొత్తం డైపోల్ చూసి సాల్వెంట్ నిర్ణయించరు.

నిత్య_ఇంటర్2
నీళ్ళు మాత్రం ఇంటర్ చదవలేదన్నమాట 😄

సాయి_ఎంపీసీ
మాస్టారు గారి పద్ధతినే తిప్పి చేద్దామని NF3 తీసుకున్నాను. అందులో మొత్తం సున్నా కాదు కాబట్టి, దాని నుంచి వెనక్కి వెళ్ళి ఒక్కో N–F డైపోల్ కనుక్కోవచ్చు అనుకున్నాను. NF3 డైపోల్ 0.235 డెబై, కోణం 102.4. కానీ పిరమిడ్ కదా, మూడు బంధాలని ఎలా కూడాలో తెలియలేదు. 2 cos(θ/2) రెండు బంధాలకే కదా.

లెక్కల_పిచ్చి
నిలువు అక్షం ఒకటి గీసుకో, నైట్రోజన్ మీదుగా, మూడు ఫ్లోరిన్ల మధ్యలోకి. ప్రతి బంధం ఆ అక్షంతో ఒకే కోణం చేస్తుంది, దాన్ని β అందాం. పక్కలకి పోయే భాగాలు మూడూ 120 డిగ్రీల్లో ఉంటాయి కాబట్టి BF3 లో లాగే పోతాయి. నిలువు భాగాలు మాత్రమే మిగులుతాయి. కాబట్టి మొత్తం = 3 μ cos β.

β కోసం: sin β = (2/√3) sin(θ/2). బంధ కోణం θ = 102.4 పెడితే sin β = 0.90, cos β = 0.436. మొత్తం = 1.31 μ.

సరిచూసుకోవాలంటే θ = 120 పెట్టు. sin β = 1, cos β = 0, మొత్తం సున్నా. BF3 వచ్చేసింది.

సాయి_ఎంపీసీ
థాంక్స్ అన్నా. అయితే μ = 0.235 / 1.31 = 0.18 డెబై. N–F పొడవు 1.37, కాబట్టి పూర్తి అయానిక్ 6.6 డెబై. శాతం 2.7 మాత్రమే! పాలింగ్ సూత్రంతో (తేడా 0.94) 20 శాతం రావాలి.

అదే పద్ధతిలో NH3 కూడా చేశాను. డైపోల్ 1.47, కోణం 106.7, మొత్తం = 1.13 μ, కాబట్టి μ = 1.30 డెబై. పొడవు 1.01, పూర్తి అయానిక్ 4.86. శాతం 27. పాలింగ్ ప్రకారం (తేడా 0.84) 16 రావాలి.

ఒకదాంట్లో మరీ తక్కువ, ఇంకోదాంట్లో ఎక్కువ. లెక్క మూడుసార్లు చూశాను, తప్పు దొరకలేదు.

రసాయనం_మాస్టారు
లెక్కలో తప్పు లేదు. కూడేటప్పుడు ఒకటి వదిలేశావు, నైట్రోజన్ నెత్తిమీద ఉన్న లోన్ పెయిర్. అది కూడా ఒక డైపోలే. రుణావేశం నైట్రోజన్ కేంద్రకానికి ఒక పక్కకి పొడుచుకుని ఉంటుంది.

ఇప్పుడు దిశలు చూడు. NH3 లో నైట్రోజన్ హైడ్రోజన్ల నుంచి లాక్కుంటుంది కాబట్టి బంధాల రుణ కొస పైకి, నైట్రోజన్ వైపు. లోన్ పెయిర్ కూడా పైకే. రెండూ కూడుకుంటాయి. నువ్వు ఆ మొత్తాన్ని మూడు బంధాలకే పంచావు కాబట్టి 27 వచ్చింది. NF3 లో ఫ్లోరిన్లు లాక్కుంటాయి కాబట్టి బంధాల రుణ కొస కిందికి, లోన్ పెయిర్ పైకి. ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. మిగిలిన 0.235 ని బంధాలకి పంచితే 2.7 రాక ఏమొస్తుంది?

ఆకారం నుంచి ధ్రువత్వం తేల్చేటప్పుడు మన పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. బంధాలని కూడతారు, లోన్ పెయిర్‌ని ఆకారం కోసం మాత్రమే వాడుకుని తర్వాత మర్చిపోతారు.

గోదావరి_గాలి
నేను మొదటే చెప్పాను కదా, డైపోల్ పద్ధతితో ఇన్ని తలనొప్పులు. పాలింగ్ పెట్టుకుంటే 20, 16. అయిపోయింది. నీటికి కూడా చూడండి. 1.85 డెబై, కోణం 104.5. ఒక్కో O–H కి 1.51 డెబై, పూర్తి అయానిక్ 4.6, శాతం 33. పాలింగ్ తో తేడా 1.24 పెడితే 32. సరిపోయింది కదా! అక్కడ కూడా లోన్ పెయిర్లు రెండున్నాయి మరి.

రసాయనం_మాస్టారు
నీటికి సరిపోవడం నిజమేనండీ, అంకెలు మీరు సరిగ్గానే వేశారు. కానీ ఆ 1.51 లో లోన్ పెయిర్ల వాటా కూడా కలిసి ఉంది. దాన్ని తీసేస్తే 33 తగ్గిపోతుంది, పాలింగ్‌తో పొంతన పోతుంది. అమ్మోనియాలో పొంతన కుదరలేదు, నీటిలో కుదిరింది. ఒకే పద్ధతి ఒకచోట కుదిరి పక్కనే కుదరకపోతే, కుదిరినచోట యాదృచ్ఛికం అనుకోవడమే మంచిది.

లెక్కల_పిచ్చి
ఒక పని చేద్దాం. పాలింగ్ శాతాలు నిజమనుకుని లోన్ పెయిర్ వాటా ఎంతో తీద్దాం.

NH3: 16 శాతం అంటే ఒక్కో బంధానికి 0.79 డెబై, మూడూ కలిపి పైకి 0.89. కొలిచింది 1.47. కాబట్టి లోన్ పెయిర్‌కి 0.58.

NF3: 20 శాతం అంటే ఒక్కో బంధానికి 1.3 డెబై, మూడూ కలిపి కిందికి 1.7. మిగిలింది 0.235 మాత్రమే, అదీ కిందికే అనుకుంటే లోన్ పెయిర్‌కి 1.47 దాకా ఉండాలి.

రెండూ నైట్రోజన్ లోన్ పెయిర్లే. ఒకచోట 0.58, ఇంకోచోట దానికి రెండున్నర రెట్లు. మాస్టారూ, ఇది ఎలా?

స్పెక్ట్రం_శ్రీను
ఇది నిజంగా ఇబ్బంది పెట్టే అంకె. పైగా ఇంకా ఇరుకు ఏమిటంటే, NF3 లో కోణం చిన్నది. ఫ్లోరిన్ లాంటి లాక్కునే పరమాణువు వైపు నైట్రోజన్ ఎక్కువ p ఆర్బిటాల్‌ని పంపుతుంది, లోన్ పెయిర్‌కి ఎక్కువ s మిగులుతుంది. s ఎక్కువైతే లోన్ పెయిర్ కేంద్రకం చుట్టూ గుండ్రంగా సర్దుకుంటుంది, ఒక పక్కకి పొడుచుకు రావడం తగ్గుతుంది. అంటే దాని డైపోల్ NH3 లో కంటే తక్కువ ఉండాలి, ఎక్కువ కాదు. మీ లెక్కలో తిరగబడి వచ్చింది. కాబట్టి మొదట పెట్టిన 20, 16 లనే అనుమానించాలి.

గోదావరి_గాలి
లేదా లోన్ పెయిర్ కథనే అనుమానించాలి. కొలవలేని దాన్ని తెచ్చి మధ్యలో పెట్టి, తేడా వచ్చినప్పుడల్లా దాని మీద తోస్తే ఎలా?

రసాయనం_మాస్టారు
NF3 కి 0.235, NH3 కి 1.47 ఎందుకన్నది లోన్ పెయిర్ దిశ లేకుండా ఎవరైనా చెప్పగలిగితే వింటాను. దిశ విషయంలో నాకు అనుమానం లేదు. ఎంత అన్నది మాత్రం, బంధానిది ఇంత, లోన్ పెయిర్‌ది ఇంత అని కత్తిరించి చూపించే కొలత లేదు. కొలత మొత్తాన్నే ఇస్తుంది.

నిత్య_ఇంటర్2
మీరందరూ ఎక్కడికో వెళ్ళిపోయారు. నాది చిన్న డౌట్. CH2Cl2 పోలారా కాదా? క్లోరిన్లు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి క్యాన్సిల్ అని రాశాను, మార్కు పోయింది.

ఫార్మా_సుజాత
కాగితం మీద ప్లస్ గుర్తులా గీశావు కదమ్మా? మధ్యలో C, పైనా కిందా Cl, పక్కల H. అలా గీస్తే ఎదురెదురుగానే కనిపిస్తాయి. నిజానికి అది చతుర్ముఖి, ఏ రెండు బంధాలూ ఎదురెదురుగా ఉండవు, దాదాపు 110 డిగ్రీల ఎడంలో ఉంటాయి. రెండు క్లోరిన్లు పక్కపక్క మూలల్లోనే ఉంటాయి, ఎలా తిప్పినా అంతే. డైపోల్ 1.60 డెబై. గీసేటప్పుడు Cl లని పక్కపక్కన గీస్తే ఒకలా, ఎదురుగా గీస్తే ఇంకోలా జవాబు వస్తోందంటే బొమ్మ చదునుగా గీశావని అర్థం. బంకమట్టి ఉండలు, అగ్గిపుల్లలతో ఒక్కసారి చేసి చూడు.

కావ్య_బైపీసీ
CHCl3 లో మూడు క్లోరిన్లు ఉన్నాయి, మరి దానికి ఇంకా ఎక్కువ రావాలి కదా అక్కా?

ఫార్మా_సుజాత
తక్కువ వస్తుంది, 1.04. మూడో క్లోరిన్ మిగతా రెండింటి మొత్తానికి కొంత ఎదురుగా లాగుతుంది. నాలుగోది కూడా వస్తే CCl4, సున్నా.

సాయి_ఎంపీసీ
ఇంకో గొడవ. HF కి అయానిక్ శాతం ఎంత? మా టెస్ట్ కీ లో 43. పాలింగ్ సూత్రంతో నాకు 55. మా ఫ్రెండ్‌కి అదే సూత్రంతో 59. డైపోల్ నుంచి చేస్తే 41. నాలుగు జవాబులు!

రసాయనం_మాస్టారు
నాలుగూ ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పొచ్చు.

41 కొలత నుంచి. HF డైపోల్ 1.82 డెబై, పొడవు 0.917 ఆంగ్‌స్ట్రామ్, పూర్తి అయానిక్ అయితే 4.40. ఇక్కడ ఒకటే బంధం కాబట్టి BF3 దగ్గర వచ్చిన చిక్కు లేదు.

55 కీ 59 కీ సూత్రం ఒకటే, ఎలక్ట్రోనెగటివిటీ పట్టికలు వేరు. నువ్వు 3.98, 2.20 తీసుకున్నావు, తేడా 1.78. మీ ఫ్రెండ్ పాత పట్టికలోని 4.0, 2.1 తీసుకున్నాడు, తేడా 1.9. ఆ తేడాని వర్గం చేసి ఘాతాంకంలో పెడుతున్నాం కాబట్టి చిన్న మార్పు కూడా నాలుగు శాతం దాకా కదిలిస్తుంది.

43 వచ్చింది హానే–స్మిత్ సూత్రం నుంచి: 16Δχ + 3.5Δχ². పాత తేడా 1.9 పెట్టు, 30.4 + 12.6 = 43. వాళ్ళిద్దరూ 1946లో HF డైపోల్ మూమెంట్‌ని ప్రచురించి, పాలింగ్ సూత్రం HF కి మరీ ఎక్కువ చెప్తోందని చూసి, కొలతకి సరిపోయేలా ఈ కొత్త సూత్రం ఇచ్చారు. HF కి అది బాగా సరిపోవడంలో ఆశ్చర్యం లేదు, HF ని చూసే కట్టారు.

పరీక్షలో ప్రశ్నలో డైపోల్, బంధ దైర్ఘ్యం ఇస్తే భాగహారం చెయ్యి. ఎలక్ట్రోనెగటివిటీలు ఇస్తే, ఏ సూత్రమో చెప్పారేమో చూడు. చెప్పకపోతే ఆప్షన్లు చూసి ఏ సూత్రానిదో పోల్చుకోవాల్సిందే.

గోదావరి_గాలి
అయితే 41 ని నమ్మాలంటారు. సరే, రెండు పరమాణువుల అణువుల్లో మాత్రం డైపోల్ పద్ధతి ఖచ్చితం అని ఒప్పుకుంటాను.

స్పెక్ట్రం_శ్రీను
అక్కడ కూడా జాగ్రత్త గోదావరి అన్నా. నేను వాయు స్థితిలో అణువుల మైక్రోవేవ్ స్పెక్ట్రం మీదే పనిచేస్తాను, ఈ డైపోళ్ళు వచ్చేది ఎక్కువగా అక్కడి నుంచే. అణువుని విద్యుత్ క్షేత్రంలో పెట్టి స్పెక్ట్రం గీతలు ఎంత చీలాయో చూసి డైపోల్ తీస్తాం. కొలత చాలా గట్టిది. కానీ దాన్ని శాతంగా మార్చేటప్పుడు "ఆవేశాలు రెండు బిందువుల్లాగా సరిగ్గా కేంద్రకాల మీదే కూర్చున్నాయి" అని ఊహిస్తున్నాం. ఆ ఊహే అసలు బలహీనత.

LiF, CsF చూడండి. LiF అణువు డైపోల్ 6.33, పొడవు 1.564, పూర్తి అయానిక్ 7.51. శాతం 84. CsF డైపోల్ 7.88, పొడవు 2.345, పూర్తి అయానిక్ 11.26. శాతం 70. ఎలక్ట్రోనెగటివిటీ తేడా CsF లోనే ఎక్కువ, 3.19. LiF లో 3.00. పాలింగ్ అడిగితే CsF కి 92, LiF కి 89 చెప్తాడు. వరుసే తారుమారైంది.

సీసియం కోవలెంట్ అయిపోయిందా? కాదు. సీసియం అయాన్ పెద్దది, మెత్తనిది. పక్కనే ఉన్న ఫ్లోరైడ్ రుణావేశం దాని ఎలక్ట్రాన్ మేఘాన్ని అవతలి వైపుకి నెడుతుంది. ఫ్లోరైడ్ మేఘాన్ని కూడా సీసియం తనవైపు లాగుతుంది. ఇలా పుట్టిన చిన్న డైపోళ్ళు రెండూ అసలు డైపోల్‌కి ఎదురు దిశలో ఉంటాయి, కొలత తగ్గిపోతుంది. లిథియం అయాన్ చిన్నది, గట్టిది, అది అలా వంగదు. ఎలక్ట్రాన్ దాదాపు పూర్తిగా ఇచ్చేసినా డైపోల్ లెక్క 70 దగ్గరే ఆగొచ్చు.

లెక్కల_పిచ్చి
అంటే 100 శాతం ఎప్పటికీ రాదా?

స్పెక్ట్రం_శ్రీను
ఈ పద్ధతిలో నాకు తెలిసిన ఏ అణువుకీ రాలేదు. NaCl అణువు తీసుకున్నా 79 దగ్గరే. ఇది వాయువులో ఒంటరి NaCl జంట గురించి సుమా, ఉప్పు స్ఫటికం గురించి కాదు.

ఇంకో కేసు చెప్పి ఆపుతాను. CO. ఆక్సిజన్‌ది ఎక్కువ ఎలక్ట్రోనెగటివిటీ, తేడా 0.89, పాలింగ్ లెక్కలో 18 శాతం. కొలిచింది 0.11 డెబై, అంటే 2 శాతం. పైగా రుణ కొస కార్బన్ వైపు! బంధం డైపోల్ ఆక్సిజన్ వైపు, కార్బన్ మీది లోన్ పెయిర్ బయటికి, రెండోది కొంచెం గెలిచింది. మాస్టారు NF3 దగ్గర చెప్పిందే, ఈసారి రెండే పరమాణువులతో.

గోదావరి_గాలి
CO ఒక్కటీ మినహాయింపు. ఒక్క మినహాయింపు చూపించి పద్ధతి అంతటినీ పడేస్తే పిల్లలకి ఏం మిగులుతుంది?

రసాయనం_మాస్టారు
పడేయమని కాదండీ. HCl, HBr, HI వరుసలో 17, 12, 6 అని దిగుతూ వస్తాయి, ఎలక్ట్రోనెగటివిటీ తేడా కూడా అలాగే దిగుతుంది. ఒకే కుటుంబంలో పోల్చడానికి ఆ శాతం పనికొస్తుంది. LiF నీ CsF నీ, NH3 నీ NF3 నీ పక్కపక్కన పెట్టి "ఏది ఎక్కువ అయానిక్" అని ఆ ఒక్క అంకెతో తేల్చకూడదు అంటున్నాను.

నిత్య_ఇంటర్2
సార్ మా సార్‌కి ఈ థ్రెడ్ చూపించనా?

రసాయనం_మాస్టారు
చూపించమ్మా, BF3 దగ్గర నుంచి. గౌరవంగా అడుగు, "సార్, B–F బంధం సంగతేంటి" అని.

సాయి_ఎంపీసీ
PF3 చేశాను. డైపోల్ 1.03, కోణం 97.8, మొత్తం = 1.48 μ, ఒక్కో బంధానికి 0.70 డెబై. పొడవు 1.57, పూర్తి అయానిక్ 7.5. శాతం 9. పాలింగ్ తో తేడా 1.79 పెడితే 55. లోన్ పెయిర్ ఎదురుగా ఉందని తెలుసు కాబట్టి 9 అనేది బంధం అంకె కాదని రాశాను. కానీ NF3 లో దాదాపు మొత్తం పోయింది, ఇక్కడ 1.03 మిగిలింది. ఫాస్ఫరస్ లోన్ పెయిర్ చిన్నదా, లేక P–F బంధం లాగుడు పెద్దదా?

స్పెక్ట్రం_శ్రీను
బంధం లాగుడు పెద్దదన్నదే నా ఓటు. తేడా 0.94 నుంచి 1.79 కి వెళ్ళింది.

లెక్కల_పిచ్చి
నా పాత పద్ధతిలో 55 పెడితే లోన్ పెయిర్‌కి 5 డెబై వస్తోంది శ్రీను గారూ. అంత ఎక్కడిది?

స్పెక్ట్రం_శ్రీను
55 పెట్టారు కాబట్టి. దాన్ని 20 చేసి చూడండి.

లెక్కల_పిచ్చి
20 కి 1.2 వస్తోంది. కానీ 20 ఎందుకు పెట్టాలో చెప్పండి ముందు.

గోదావరి_గాలి
అదీ ప్రశ్న.